ఏది ఒకటి, ఏది వేరు: స్టీల్ రేకుల ఫొటోలపై కాంట్రాస్టివ్ లెర్నింగ్

ఉత్పత్తి లైన్ మీద వేగంగా కదిలే స్టీల్ రేకును నాలుగు కెమెరాలు దాని వెడల్పంతటా ఫొటోలు తీస్తుంటాయి. రోజూ కుప్పలుగా ఫొటోలు వస్తాయి. వాటిలో లేబుల్ ఉన్నవి మాత్రం కొన్ని వందలే. అనుభవమున్న తనిఖీదారు ఒక్కొక్క ఫొటో చూసి గీత, సొట్ట, తుప్పు మరక, వేడికి మారిన రంగు, లోపం లేదు అని ఐదింటిలో ఒకటి చెప్పాలి. ఆ మనిషి సమయం దొరకడం కష్టం. అందుకే లేబుల్ లేని ఫొటోల నుంచే ముందు ఒక ఎన్‌కోడర్‌ను నేర్పించి, దాని పైన ఆ కొన్ని వందల లేబుళ్లతో చిన్న క్లాసిఫయర్ పెట్టాలనుకున్నాం. ఎంచుకున్న పద్ధతి సిమ్‌సీఎల్‌ఆర్. 2020లో గూగుల్ పరిశోధకులు ప్రచురించిన ఈ పద్ధతిలో భాగాలు తక్కువ, ఏ భాగం ఏం చేస్తుందో విడదీసి చూడొచ్చు.

పద్ధతి ఇలా నడుస్తుంది. ఒక ఫొటో తీసుకుని దాన్ని రెండు రకాలుగా మారుస్తాం. ఒకసారి ఒక మూల కత్తిరించి వెలుగు పెంచుతాం, మరోసారి ఇంకో చోట కత్తిరించి కొంచెం మసక చేస్తాం. ఈ రెండు రూపాలూ ఒక పాజిటివ్ జత. మోడల్‌కు ఒకేసారి ఇచ్చే బ్యాచ్‌లో మిగతా ఫొటోల నుంచి వచ్చిన రూపాలన్నీ దీనికి నెగటివ్‌లు. ఎన్‌కోడర్ ప్రతి రూపాన్నీ ఒక వెక్టర్‌గా మారుస్తుంది. పాజిటివ్ జత వెక్టర్లు దగ్గరికి రావాలి, నెగటివ్‌లు దూరం జరగాలి. లేబుల్ ఎక్కడా లేదు. కానీ మనిషి నిర్ణయం ఉంది. ఏ రెంటిని ‘ఒకటే’ అన్నాం, ఏ రెంటిని ‘వేరు’ అన్నాం అన్నదే ఆ నిర్ణయం. ఒకటే అన్న రూపాల మధ్య ఉన్న తేడాను మోడల్ మర్చిపోవడం నేర్చుకుంటుంది. వేరు అన్న ఫొటోల మధ్య ఏదో ఒక తేడాను వెతికి పట్టుకుంటుంది, అది ఎంత పనికిరాని తేడా అయినా సరే. ఈ కేసులో జరిగిన మంచీ చెడూ ఈ రెండు వాక్యాల నుంచే వచ్చాయి.

మోడల్ ఎంత తప్పుతోందో కొలిచే సంఖ్య లాస్. ముందు దాని లెక్క ఒకసారి చేతితో వేసి చూడాలి, ఎందుకంటే తర్వాత వచ్చే సమస్యలన్నీ అందులోనే కనిపిస్తాయి. బ్యాచ్‌లో 256 ఫొటోలు, ఒక్కోదానికి రెండు రూపాలు, మొత్తం 512. ఏదైనా ఒక రూపాన్ని తీసుకుంటే మిగిలినవి 511. వాటిలో ఒకటి దాని జత, 510 నెగటివ్‌లు. జతతో కొసైన్ పోలిక, అంటే రెండు వెక్టర్లు ఎంతగా ఒకే దిశలో ఉన్నాయన్న కొలత, 0.9 అనుకుందాం. నెగటివ్‌లలో ఒకటి చాలా దగ్గరగా ఉంది, పోలిక 0.7. మిగతా 509 నెగటివ్‌లు పూర్తిగా వేరు, పోలిక 0. ఈ పోలికలను టెంపరేచర్ అనే సంఖ్యతో భాగించి ఎక్స్‌పొనెన్షియల్ తీస్తాం. టెంపరేచర్ 0.1 అయితే జత విలువ సుమారు 8103, దగ్గరి నెగటివ్‌ది 1097, మిగతా 509 ఒక్కోటి 1. మొత్తం 9709. జతకు దక్కిన సంభావ్యత 8103/9709, అంటే దాదాపు 0.83. దాని సహజ లాగరిథమ్ గుర్తు మారిస్తే లాస్ వస్తుంది, ఇక్కడ 0.18.

ఇక్కడ చూడాల్సింది లాస్ విలువ కాదు, తోపుడు ఎవరి మీద పడుతోందన్నది. దగ్గరి నెగటివ్ ఒక్కదాని వాటా 11 శాతం పైనే. మిగతా 509 కలిపినా వాటి వాటా 5 శాతం దాకా మాత్రమే. అంటే మోడల్ శ్రద్ధంతా తనను పోలి ఉన్న ఆ ఒక్క నెగటివ్‌ను దూరం తోయడం మీదే ఉంటుంది. ఇవే పోలికలతో టెంపరేచర్ 0.5 పెడితే జత విలువ 6, దగ్గరి నెగటివ్‌ది 4, మిగతావి కలిపి 509. ఇప్పుడు దగ్గరి నెగటివ్ వాటా ఒక శాతం కన్నా తక్కువ, అందరినీ దాదాపు సమానంగా తోస్తుంది. టెంపరేచర్‌ను ఏదో ఒక ట్యూనింగ్ సంఖ్యగా చూసి వదిలేసేవారు చాలామంది. నిజానికి కష్టమైన నెగటివ్‌లను ఎంతగా పట్టించుకోవాలో చెప్పేది అదే. ఆ కష్టమైన నెగటివ్ నిజంగా వేరేదైతే తక్కువ టెంపరేచర్ మంచి పాఠం చెబుతుంది. అది వేరు కానిదైతే అంతే గట్టిగా తప్పుడు పాఠం చెబుతుంది.

ఇంకో సంఖ్య కూడా గుర్తుపెట్టుకోవాలి. మోడల్‌కు ఏమీ తెలియకపోతే, లేదా అన్ని ఫొటోలకూ ఒకే వెక్టర్ ఇస్తే, 511లో గుడ్డిగా ఒకటి ఎంచుకున్నట్టే. అప్పుడు లాస్ 511 సహజ లాగరిథమ్, అంటే 6.24. ట్రైనింగ్ మొదలై చాలాసేపయ్యాక కూడా లాస్ ఈ అంకె దగ్గరే ఆగి ఉంటే వెక్టర్లన్నీ ఒకచోట కుప్పకూలాయేమో చూడాలి. బ్యాచ్ సైజు మారితే ఈ పైకప్పు కూడా మారుతుంది. అందుకే వేర్వేరు బ్యాచ్ సైజుల లాస్‌లను పక్కపక్కన పెట్టి పోల్చడానికి లేదు.

మొదటి రన్ ఇమేజ్‌నెట్ అనే మామూలు వస్తువుల ఫొటోల సేకరణ కోసం రాసిన రెసిపీతోనే, ఏమీ మార్చకుండా నడిపాం. తర్వాతి మార్పుల ప్రభావం కొలవడానికి అదే మా ఆధారం. ఎన్‌కోడర్‌గా రెస్‌నెట్-50 నెట్‌వర్క్, టెంపరేచర్ 0.1, ఫొటో విస్తీర్ణంలో 8 నుంచి 100 శాతం వరకు యాదృచ్ఛిక కత్తిరింపు, గట్టి రంగుల మార్పు, అప్పుడప్పుడు గ్రేస్కేల్, సగం సార్లు మసక. లాస్ చక్కగా పడింది. గ్రాఫ్ చూస్తే ఎవరికైనా తృప్తిగా ఉంటుంది.

లాస్ గ్రాఫ్ తర్వాత వెంటనే చేయాల్సిన పని ఇరుగుపొరుగు చూడటం. ఏవో కొన్ని ఫొటోలు తీసుకుని, వాటి వెక్టర్లకు అతి దగ్గరగా ఉన్న పది ఫొటోలను వరుసగా పేర్చి కళ్లతో చూడాలి. దీనికి లేబుల్ అక్కర్లేదు. మా ఫొటోల్లో గీత ఉన్నదానికి దగ్గరగా వచ్చినవి గీతలున్నవి కావు. దాదాపు అన్నీ అదే కెమెరా తీసినవి, అదీ దాదాపు అదే వెలుగు స్థాయిలో. అనుమానం తీర్చుకోవడానికి ఎన్‌కోడర్‌ను కదలకుండా పెట్టి, దాని వెక్టర్ల మీద రెండు లీనియర్ క్లాసిఫయర్లు నేర్పించాం. ఒకటి లోపం ఏమిటో చెప్పాలి, రెండోది ఏ కెమెరానో చెప్పాలి. కెమెరా చెప్పే క్లాసిఫయర్ దాదాపు తప్పు లేకుండా చెప్పింది. లోపం చెప్పేది మాత్రం, ఇమేజ్‌నెట్ లేబుళ్లతో ముందే నేర్చిన మామూలు రెస్‌నెట్ కన్నా వెనకబడింది. రంగు మారిన రేకుల విషయంలో మరీ వెనకబడింది.

కెమెరా ఎందుకు అంత గట్టిగా పట్టుకుంది? లెక్క వేస్తే అర్థమవుతుంది. నాలుగు కెమెరాల ఫొటోలు సమానంగా కలిసిన బ్యాచ్‌లో 512 రూపాలకు ఒక్కో కెమెరావి 128. మోడల్‌కు రేకు గురించి ఏమీ తెలియకపోయినా, కెమెరా ఏదో తెలిస్తే చాలు, 511 మందిలో వెతకాల్సిన పని 127కు తగ్గిపోతుంది. లాస్ 6.24 నుంచి 4.84కు దిగుతుంది. ఒక్కో లెన్స్ అంచుల్లో వెలుగు తగ్గే తీరు, సెన్సర్ నాయిస్, దీపం వంపు, ఇవన్నీ తేలికగా దొరికే గుర్తులు. కష్టపడి గీతను చూడటం కన్నా వీటిని చూడటం మోడల్‌కు చవక. నెగటివ్‌లలో నాలుగింట మూడొంతులు వేరే కెమెరావి కావడంతో ఈ చవక దారిని మా బ్యాచే చూపించింది.

దీనికి అందరికీ ముందు తోచే మందు ఒక్కో బ్యాచ్‌ను ఒకే కెమెరా ఫొటోలతో నింపడం. రెస్‌నెట్‌లో అంకెలను బ్యాచ్ సగటు, వ్యాప్తితో సర్దే బ్యాచ్ నార్మలైజేషన్ ఉంటుంది కాబట్టి అది సరిపడదు. ఒకే కెమెరా బ్యాచ్‌లో సగటు, వ్యాప్తి ఆ కెమెరావే అవుతాయి. ట్రైనింగ్‌లో వాటితో సర్దుకున్న నెట్‌వర్క్, వాడకంలో అన్ని కెమెరాలూ కలిసిన సగటుతో నడవాలి. రెంటికీ పొంతన ఉండదు. అందుకే బ్యాచ్‌ను కలగలుపుగానే ఉంచి, ఒక్కో కెమెరా నుంచి 64 ఫొటోలు తీసుకుని, లాస్ లెక్కలో మాత్రం వేరే కెమెరా నెగటివ్‌లను పక్కన పెట్టాం. ఇప్పుడు ప్రతి రూపానికీ 126 నెగటివ్‌లే, అన్నీ తన కెమెరావే. కెమెరా గుర్తుపట్టినంత మాత్రాన లాస్ ఒక్క పిసరు కూడా తగ్గదు.

కొన్ని నెగటివ్‌లను ఇలా పక్కన పెట్టే మాస్క్‌తోనే ఇంకో సమస్యను కూడా పరిష్కరించాం. రేకు కదులుతుండగా వరుసగా తీసిన ఫొటోల్లో కొంత భాగం ఉమ్మడిగా ఉంటుంది. ఒకే గీత రెండు ఫొటోల్లో పడుతుంది. ఆ రెండూ ఒకే బ్యాచ్‌లో వస్తే లాస్ వాటిని వేరు అంటుంది. పోలిక ఎక్కువ కాబట్టి పైన లెక్కలో చూసినట్టు తోపుడు అంతా వాటి మీదే పడుతుంది. ఒకే గీతను రెండుగా చూడమని మోడల్‌ను బలవంతం చేసినట్టవుతుంది. అందుకే ఒకే రేకు నుంచి వచ్చిన ఫొటోలను నెగటివ్‌లుగా లెక్కలోకి రానివ్వలేదు.

```python
def nt_xent(z, cam, sheet, tau=0.1):
    # z: 2N x d, i మరియు i+N ఒక జత
    z = F.normalize(z, dim=1)
    m = z.shape[0]
    idx = torch.arange(m, device=z.device)
    pos = idx.roll(m // 2)
    drop = (cam[:, None] != cam[None, :]) \
         | (sheet[:, None] == sheet[None, :])
    drop[idx, pos] = False
    sim = (z @ z.T / tau).masked_fill(drop, float("-inf"))
    return F.cross_entropy(sim, pos)
```

`sheet` పోలికలోనే తనతో తనకు పోలిక కూడా పోతుంది. జత ఒక్కదాన్ని తిరిగి లోపలికి తెచ్చాం. `cam`, `sheet` రెండూ లేబుళ్లు కావు, ఫొటోతో పాటు ఎలాగూ రికార్డయ్యే వివరాలు. ఇలాంటి వివరాలు ఏ డేటాలోనైనా ఉంటాయి. జతలు తయారు చేసేటప్పుడు వాటిని వాడకపోవడం చేతిలో ఉన్న సమాచారాన్ని వృథా చేయడమే అని నా అభిప్రాయం.

ఈ మార్పుతో చివరి లాస్ ముందుకన్నా పెరిగింది. నెగటివ్‌ల సంఖ్య తగ్గింది కాబట్టి పైకప్పు 4.84కు దిగింది, అయినా లాస్ ముందు రన్ కన్నా ఎక్కువ దగ్గర ఆగింది. పని కష్టమైందని దానర్థం. కెమెరా చెప్పే క్లాసిఫయర్ బాగా బలహీనపడింది, లోపం చెప్పేది మెరుగుపడింది. లాస్ పెరగడం, రిప్రజెంటేషన్ బాగుపడటం ఒకేసారి జరగొచ్చని ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది. లాస్ తగ్గిందన్న ఒక్క కారణంతో రెండు రకాల జతల మధ్య ఎంపిక చేయకూడదు.

ఇక పాజిటివ్‌ల వైపు. నెగటివ్‌ల తప్పులు ఇరుగుపొరుగు చూస్తే బయటపడతాయి. పాజిటివ్‌ల తప్పులు అంత తేలికగా కనిపించవు, ఎందుకంటే అవి మోడల్ నుంచి ఏదో తీసేస్తాయి. లేనిదాన్ని చూడటం కష్టం.

మొదటిది కత్తిరింపు. ఇమేజ్‌నెట్ ఫొటోలో సాధారణంగా ఒక వస్తువు మధ్యలో పెద్దగా ఉంటుంది. కుక్క తల ఒక ముక్కలో, కాళ్లు ఇంకో ముక్కలో పడినా రెండూ కుక్కవే. మా రేకు ఫొటోలో మాత్రం నూటికి తొంభై పైన ఖాళీ లోహం. సన్నటి గీత ఎక్కడో ఒక మూల ఉంటుంది. 8 శాతం కత్తిరింపులో ఒక ముక్కలో గీత పడుతుంది, ఇంకో ముక్కలో పడదు. ఆ రెండూ ఒకటే అని మోడల్‌కు చెబుతున్నాం. అంటే గీత ఉన్నా లేకపోయినా ఒకటే అని పదే పదే నేర్పిస్తున్నాం. మనకు కావాల్సినదానికి ఇది సరిగ్గా వ్యతిరేకం. ట్రైనింగ్‌కు వెళ్లే జతలనే కొన్ని తెర మీద వేసి చూస్తే ఇది వెంటనే కనిపిస్తుంది. ఆ జతలను తనిఖీదారుకు చూపించి ‘ఈ రెంటికీ మీరు ఒకే మాట రాస్తారా’ అని అడిగాం. రాయను అన్న ప్రతి జతా మోడల్‌కు తప్పు పాఠమే. ఈ ప్రశ్నకు లేబుల్ చేసినంత సమయం పట్టదు, కానీ మొత్తం ట్రైనింగ్ దిశను సరిచేస్తుంది.

ఆ తర్వాత కత్తిరింపు కనీస విస్తీర్ణాన్ని 40 శాతానికి పెంచి, రెండో ముక్క మొదటిదానితో కనీసం సగం కలిసేలా ఎంచుకున్నాం. ఇక్కడ ఇంకో వైపు ప్రమాదం ఉంది. ఉమ్మడి భాగం మరీ ఎక్కువైతే మోడల్ పిక్సెల్ స్థాయి నాయిస్‌ను పోల్చి జతను కనిపెట్టేస్తుంది. అందుకే మసక చేయడం, అద్దంలో చూసినట్టు అడ్డంగా నిలువుగా తిరగేయడం ఉంచాం. 90 డిగ్రీలు తిప్పడం మాత్రం వద్దనుకున్నాం. రోలింగ్ వల్ల రేకు మీద సహజంగానే ఒక దిశలో సన్నటి చారలుంటాయి. గీత ఆ చారలతో పాటు ఉందా, అడ్డంగా ఉందా అన్నది తనిఖీలో ముఖ్యమైన సంగతి. తిప్పితే ఆ దిశ పోతుంది.

రెండోది రంగు. ఇమేజ్‌నెట్ మీద యాదృచ్ఛిక కత్తిరింపు, రంగుల మార్పు కలిసి పనిచేసినంత బాగా ఇంకే జంటా పనిచేయలేదని సిమ్‌సీఎల్‌ఆర్ పత్రం చూపించింది. కారణం కూడా చెప్పింది. ఒకే ఫొటో నుంచి కత్తిరించిన రెండు ముక్కల రంగుల పంపిణీ దాదాపు ఒకేలా ఉంటుంది. రంగు మార్చకపోతే మోడల్ రంగుల హిస్టోగ్రామ్ చూసి జతను పట్టేస్తుంది, ఆకారం నేర్చుకోదు. మా దగ్గర వేడికి మారిన రంగు అన్నది స్వయంగా ఒక లోపం. లోహం వేడెక్కిన చోట పసుపు, గోధుమ, నీలం ఛాయలు వస్తాయి. రంగు ఛాయను యాదృచ్ఛికంగా మార్చి ఇవన్నీ ఒకటే అంటే ఆ తరగతి మోడల్ కంటికి కనబడకుండా పోతుంది. మొదటి రన్‌లో జరిగింది అదే.

అలాగని రంగుల మార్పును మొత్తంగా తీసేయడానికి లేదు. తీసేస్తే ఆ ఫొటో తీసిన క్షణంలోని వెలుగు స్థాయి వేలిముద్రలా మారుతుంది. రెండు రూపాల్లోనూ అదే ఉంటుంది కాబట్టి, కెమెరా పోయాక వెలుగు కొత్త చవక దారి అవుతుంది. అందుకే రంగుల మార్పును భాగాలుగా విడదీశాం. వెలుగు, కాంట్రాస్ట్ మార్పులు గట్టిగా ఉంచాం. రంగు ఛాయ మార్పు, గ్రేస్కేల్ పూర్తిగా తీసేశాం. రంగు గాఢత మార్పు కొద్దిగా మాత్రమే ఉంచాం. ఈ ఒక్క మార్పుతో రంగు మారిన రేకుల గుర్తింపు తిరిగి నిలబడింది.

కొంత నష్టాన్ని తట్టుకునే ఏర్పాటు పద్ధతిలోనే ఉందని కూడా చెప్పాలి. ఎన్‌కోడర్ తర్వాత ప్రొజెక్షన్ హెడ్ అనే చిన్న నెట్‌వర్క్ ఉంటుంది. లాస్ దాని బయటికొచ్చే 128 అంకెల వెక్టర్ మీద లెక్కిస్తారు. వాడకంలో మాత్రం హెడ్‌ను పారేసి, దాని ముందున్న 2048 అంకెల వెక్టర్‌ను తీసుకుంటారు. సిమ్‌సీఎల్‌ఆర్ పత్రంలో దీన్ని పరీక్షించారు. ఫొటోను నాలుగు కోణాల్లో ఎటు తిప్పారో చెప్పమంటే, హెడ్ ముందు వెక్టర్ నుంచి 67.6 శాతం సరిగా చెప్పగలిగారు. హెడ్ తర్వాతి వెక్టర్ నుంచి 25.6 శాతమే, అంటే గుడ్డిగా ఊహించినట్టే. మర్చిపోమన్న సంగతిని ఎక్కువగా హెడ్ మర్చిపోతుంది, ఎన్‌కోడర్‌లో కొంత మిగులుతుంది. కానీ ఆ కొంత మీద ఆధారపడి జతలను నిర్లక్ష్యం చేయొద్దు. మా మొదటి రన్‌లో హెడ్ ముందు వెక్టరే వాడాం, అయినా రంగు తరగతి దెబ్బతింది.

కొలిచే తీరు గురించి ఒక్క మాట. లేబుల్ ఉన్న ఫొటోలను ట్రైనింగ్‌కు, పరీక్షకు విడదీసేటప్పుడు ఫొటోలవారీగా కాకుండా కాయిల్‌వారీగా, అంటే రేకు వచ్చిన చుట్టలవారీగా, విడదీశాం. ఒకే కాయిల్ ముక్కలు రెండు వైపులా ఉంటే, లోపం తెలియకపోయినా కాయిల్‌ను గుర్తుపట్టి మంచి మార్కులు తెచ్చుకోవచ్చు. లేబుల్ లేని ట్రైనింగ్ నుంచి కూడా పరీక్ష కాయిల్స్‌ను బయట ఉంచాం. చాలామంది ఇక్కడ సడలింపు ఇస్తారు, లేబుల్ చూడలేదు కదా అని. కొత్త కాయిల్ మీద ఎలా నడుస్తుందో తెలియాలంటే ఆ సడలింపు పనికిరాదు.

అన్ని మార్పుల తర్వాత సొట్ట, తుప్పు, రంగు మారిన తరగతుల్లో మా ఎన్‌కోడర్ ఇమేజ్‌నెట్ రెస్‌నెట్‌ను స్పష్టంగా దాటింది. లేబుళ్లు తగ్గించే కొద్దీ ఆ తేడా ఇంకా పెరిగింది. సన్నటి గీతల్లో మాత్రం లాభం స్వల్పం.

గీతల దగ్గర ఆగిపోవడానికి కారణం పద్ధతి మూలంలోనే ఉందనుకుంటున్నాను. మన ఫొటోల్లో అత్యధికం లోపం లేనివి, ఒకదానికొకటి కవలల్లాంటివి. లాస్ వాటిలో ప్రతిదాన్నీ మిగతావాటి నుంచి వేరు చేయమంటుంది. కవలలను వేరు చేయాలంటే ఉపరితలపు గరుకుదనం, నూనె మరక, చారల వరుస వంటివి చూడాలి. వెక్టర్‌లో చోటంతా ఈ సాధారణ వైవిధ్యానికే పోతుంది, అరుదైన గీతకు మిగిలేది తక్కువ. 2020లో వాంగ్, ఐసోలా ఈ లాస్‌ను రెండు భాగాలుగా విడదీసి వివరించారు: జతలు దగ్గరికి రావడం, ఒకే పొడవుకు సర్దిన వెక్టర్లన్నీ గోళం మీద సమానంగా పరుచుకోవడం. లోపం లేని ఫొటోలు నూటికి తొంభైకి పైగా ఉన్నప్పుడు గోళం మీద సమానంగా పరుచుకునేది అవే. టెంపరేచర్‌ను 0.2కు పెంచితే కవలల మీద తోపుడు తగ్గి కొంత ఉపశమనం దొరికింది. ఒక సాదా అంచు ఫిల్టర్‌తో ఏదో ఉన్నట్టనిపించిన ఫొటోలను ఏరి బ్యాచ్‌లోకి ఎక్కువగా పంపితే ఇంకొంచెం దొరికింది. బ్యాచ్‌ను పెంచి నెగటివ్‌లు ఎక్కువ చేయడం మాత్రం ఇక్కడ సాయపడలేదు. ఎక్కువ వచ్చినవీ అవే కవలలు. 65,536 వెక్టర్ల క్యూతో నడిచే మోకో లాంటి పద్ధతికి మారినా ఈ విషయంలో ఫలితం వేరుగా ఉంటుందని నేను అనుకోను.

నెగటివ్‌లు అసలే వాడని బీవైఓఎల్, సిమ్‌సియామ్ పద్ధతులు కవలలను బలవంతంగా విడదీయవు కాబట్టి, గీతల కోసం తర్వాత ప్రయత్నించేది వాటినే. అయితే వాటిలోనూ పాజిటివ్ జతలు మనమే తయారు చేయాలి. కత్తిరింపు, రంగుల గురించి పైన చెప్పిన పనంతా అక్కడా అలాగే చేయాలి.